మార్కెట్ మిజాజ్ మారిందా, లేక ఒక్కసారి తొంగి చూసిందా

2025 మార్చి 25, రంజాన్ రోజులు. ఇఫ్తార్‌కి ఇంకా గంట ఉందనగా మా ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. "భాయ్‌జాన్, నిఫ్టీలో చేంజ్ ఆఫ్ క్యారెక్టర్ వచ్చేసింది. రేపే మూడు లక్షలూ పెట్టేస్తా" అన్నాడు. ఆ మూడు లక్షలు ఎక్కడివో నాకు తెలుసు. వాడి చెల్లి నిఖా కోసం ఖాలా ఏళ్ల తరబడి దాచిన పైసలవి. అందుకే "వద్దు" అనకుండా "ఈరోజు ముగింపు ధర చూశావా?" అని అడిగాను.

వాడు ఏం చూసి అంత యకీన్‌తో మాట్లాడాడో చెబుతాను. పెరిగే మార్కెట్ మెట్లెక్కినట్టు పోతుంది. ప్రతి శిఖరం పాతదానికన్నా పైన ఉంటుంది, దాన్ని హయ్యర్ హై అంటారు. మధ్యలో దిగినా పోయినసారి దిగినంత కిందకు దిగదు, అది హయ్యర్ లో. పడే మార్కెట్‌లో ఇదే తలకిందులు: లోయర్ లో, లోయర్ హై. పడుతున్న మార్కెట్ పాత అడుగును కూడా తెంచుకుని కిందకు పోతే బ్రేక్ ఆఫ్ స్ట్రక్చర్, అంటే పాత చాల్ ఇంకా నడుస్తోందని. అదే మార్కెట్ చివరి లోయర్ హైని పైకి దాటితే చేంజ్ ఆఫ్ క్యారెక్టర్. నేనైతే దీన్ని మిజాజ్ మారడం అంటాను.

నిఫ్టీ 2024 సెప్టెంబర్ 27న 26,277 దాకా వెళ్లి అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. నవంబర్‌లో 23,260 దగ్గర ఆగింది, డిసెంబర్‌లో 24,850 దాకా లేచింది, జనవరిలో నవంబర్ అడుగునూ తెంచుకుని 22,790కి వచ్చింది. ఫిబ్రవరి 5న 23,807 దాకా లేచి, మార్చి 4న 21,965కి పడింది. శిఖరాలూ అడుగులూ రెండూ దిగుతూనే ఉన్నాయి. కాబట్టి డైలీ చార్ట్ మీద గీయాల్సిన గీత ఒక్కటే, 23,807. అది చివరి లోయర్ హై.

మార్చి 25న ధర 23,869 దాకా పోయింది. గీత దాటింది, మావాడు చూసింది అదే. కానీ రోజు ముగిసింది 23,668 దగ్గర. అంటే కొవ్వొత్తికి పైనుండే సన్నని పుల్ల, విక్ అంటారే, అది మాత్రమే గీత దాటింది. ఒళ్లు కిందే ఉండిపోయింది. ఇలా ఎందుకవుతుందంటే, ఆ గీత అందరి చార్టుల్లోనూ కనిపిస్తుంది. షార్ట్ చేసినవాళ్ల స్టాప్‌లాస్‌లు సరిగ్గా దానిపైనే ఉంటాయి. అవి తెగగానే కొనుగోళ్లు జోరందుకుంటాయి. ఆ ఆర్డర్లు అయిపోయాక నిజంగా కొనేవాళ్లు లేకపోతే ధర జారిపోతుంది. అందుకే నేను విక్ గవాహీని ఒప్పుకోను, ముగింపే చెప్పాలి.

మావాడు ముఖం ముడుచుకున్నాడు గానీ ఆగాడు. మర్నాడు నిఫ్టీ 23,486 దగ్గర ముగిసింది. ఈద్ అయిపోయింది. ఏప్రిల్ 2న ట్రంప్ టారిఫ్‌ల ఏలాన్ వచ్చింది, ఏప్రిల్ 7న నిఫ్టీ 21,743 దాకా కూలి 22,161 దగ్గర ముగిసింది. 26న కొని ఉంటే మూడు లక్షల మీద పదిహేడు వేల దాకా గాయబ్. ఇక్కడ నా చార్ట్ గొప్పేం లేదు. టారిఫ్‌ల సంగతి ఏ గీతకూ ముందే తెలియదు.

ఏప్రిల్ 7నే అద్దంలో చూసినట్టు ఇంకోటి జరిగింది. ధర మార్చి అడుగు 21,965 కిందకు వెళ్లింది, ముగింపు మాత్రం దానిపైనే. మార్చిలో పైకి తొంగి చూసినట్టే ఈసారి కిందకు తొంగి చూసింది. ఆ విక్ చూసి "బ్రేక్ ఆఫ్ స్ట్రక్చర్, ఇంకా పడుతుంది" అని అమ్మినవాళ్లు అడుగునే అమ్మేశారు.

ఇప్పుడు గీత మార్చి శిఖరం 23,870కి జరిగింది. ఏప్రిల్ 21న నిఫ్టీ 24,125 దగ్గర ముగిసింది. ఈసారి ఒళ్లే దాటింది. మావాడు వెంటనే, "భాయ్‌జాన్, మార్చి 26 కన్నా 640 పాయింట్లు ఎక్కువ పెట్టి కొనాలా?" అన్నాడు. సవాల్ సరైనదే. ముగింపు కోసం ఆగితే ఖరీదు పెరుగుతుంది, అది సబర్ కీమత్. దాన్ని తప్పించుకునే తరీఖా నేనింతవరకు చూడలేదు. పైగా నిఖా నెలల్లో ఉన్న పైసలకు ఇండెక్స్ చోటే కాదని కూడా చెప్పాను. వాడు ఖాలాకు తిరిగి ఇచ్చేశాడు.

మిజాజ్ మారిందన్నది ఒక్క దాటుడుతో తేలేది కూడా కాదు. తర్వాత వచ్చే దిగుడు ఎక్కడ ఆగుతుందో చూడాలి. మే 9న నిఫ్టీ 24,000 దగ్గర ముగిసింది, ఏప్రిల్ అడుగుకు ఎంతో పైన. అది హయ్యర్ లో అవుతుందో లేదో ఆ సాయంత్రం ఎవరూ చెప్పలేరు, ధర మళ్లీ లేచాకే ఆ పేరు పెట్టగలం. మే 12న 24,924 దగ్గర ముగిసి, అప్పటిదాకా మేలో తాకిన శిఖరాన్ని దాటింది. అది పైకి మొదటి బ్రేక్ ఆఫ్ స్ట్రక్చర్.