నేను రాశానా, వారు రాశారా?

వెబ్ పత్రికల్లో కథో వ్యాసమో అయిపోయాక అడుగున చిన్న డబ్బా ఒకటి కనిపిస్తుంది. ఫొటో, పేరు, నాలుగు వాక్యాలు. చాలామంది రచన కంటే ముందు దాన్నే చదువుతారని నా అనుమానం. నేనైతే అంతే. ఆ నాలుగు వాక్యాలూ ఎవరు రాశారో మాత్రం అక్కడ ఉండదు. "హైదరాబాదులో ఉంటారు. రెండు కథా సంకలనాలు తెచ్చారు" అని ఉంటే ఎడిటర్ రాశారనుకుంటాం. ఎక్కువసార్లు రాసింది ఆ రచయితే. "మీ పరిచయం పంపండి" అని మెయిల్ వస్తుంది, తన గురించి తనే "తెచ్చారు" అని రాసి పంపుతారు. మామూలుగా మాట్లాడేటప్పుడు "నేను నిన్న విజయవాడ వెళ్ళారు" అని ఎవరైనా అంటే వింతగా చూస్తాం. పరిచయంలో అదే పని చేస్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

"నేను" అని రాయాలా, బయటి మనిషిలా రాయాలా అన్న దాని మీద ఇంగ్లీషులో బోలెడు సలహాలు దొరుకుతాయి. "నేను" అంటే స్నేహంగా ఉంటుంది, బయటి గొంతు హుందాగా ఉంటుంది, కొలువును బట్టి ఎంచుకోండి, అంతే వాటి సారాంశం. ఆ సలహాలు తెలుగులోకి యథాతథంగా రావు. పేరు దగ్గరే తేడా మొదలవుతుంది. ఇంగ్లీషు వాళ్ళ మొదటి మనిషి మన వ్యాకరణంలో ఉత్తమ పురుష. మన ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, అది. "పరిచయం ప్రథమ పురుషలో పంపండి" అని ఒక ఎడిటర్ అడిగితే, బళ్ళో వ్యాకరణం చదివినవాళ్ళు ఒకటి పంపుతారు, ఇంగ్లీషు నుంచి అనువదించుకున్నవాళ్ళు ఇంకొకటి పంపుతారు.

అసలు చిక్కు క్రియలో ఉంది. ఇంగ్లీషులో నేను రాసినా ఆమె రాసినా గతకాలంలో క్రియ ఒకటే, మార్చాల్సింది సర్వనామం. తెలుగులో మనిషి క్రియలోనే ఉంటాడు. "రాశాను" అన్నాక "నేను" లేకపోయినా ఫరవాలేదు. అందులో ఆడామగా తేడా కూడా తెలియదు. పైన పేరు చూడకుండా ఇక్కడిదాకా వచ్చినవాళ్ళకి నేనెవరో ఇంకా తెలియదు కదా. అదే బయటి గొంతులోకి వెళ్ళగానే రాశాడు, రాసింది, రాశారు అన్న మూడింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. అంటే నేను మగో ఆడో చెప్పాలి, లేదా నాకు నేనే గౌరవం ఇచ్చుకోవాలి.

ఇందులో ఆడా మగా సమానం కూడా కాదు. కాస్త చనువుగా, సరదాగా రాయాలనుకున్న మగ రచయితకి "డు" ఉంది. "పగలు కోడ్ రాస్తాడు, రాత్రి కథలు రాస్తాడు" అంటే బాగానే ఉంటుంది. అదే పని ఆడ రచయిత చెయ్యబోతే "రాస్తుంది" దగ్గరకి వస్తుంది. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది, అన్నిటికీ క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి "వచ్చారు"లో చేరతారు. అందుకని "ది" వద్దనుకున్న రచయిత్రి "రు" దగ్గరకే వెళ్ళాలి, అప్పుడు చనువు పోతుంది. తెలుగు పరిచయాల్లో రచయిత్రులు మరీ లాంఛనంగా కనిపిస్తే అది వాళ్ళ స్వభావం కాకపోవచ్చు. వ్యాకరణం వాళ్ళకి వదిలిన దారి అదొక్కటే.

ఇంకో దారి మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. "పుట్టింది తెనాలిలో. చదువు వరంగల్లో. ఉద్యోగం పూణేలో. ఇష్టమైనవి పాత సినిమాలు, ప్రయాణాలు." ఇందులో "నేను" లేదు, "వారు" లేదు. ఇక్కడి "పుట్టింది" ఆడమనిషి క్రియ కాదు, పుట్టడం అన్న సంగతికి పేరు, అంతే. ఎవరికైనా సరిపోతుంది. మన పత్రికల పరిచయాల్లో నాకు బాగా నచ్చేవి ఇలాగే ఉంటాయి. కానీ ఊళ్ళు, ఉద్యోగాలు, పుస్తకాల పేర్లు చెప్పేవరకే దీని బలం. ఒక పనికి పూచీ పడాలన్నా, ఎందుకు చేస్తున్నామో చెప్పాలన్నా ఇది చాలదు. పూచీకి మనిషి కావాలి.

ఈ అవస్థ కొత్తదేం కాదు. మన కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య ఉంటుంది. కవి ఎవరి కొడుకు, బిరుదేమిటి, ఈ కావ్యం పేరేమిటి, ఇది ఎన్నో ఆశ్వాసం, అన్నీ బయటి గొంతులో. పద్యాల్లో "నేను" అన్న కవి కూడా గద్యలో ఫలానావాడి చేత రచించబడినదే అంటాడు. గొప్పలకే అనుకోనక్కర్లేదు. తాటాకుల మీద నకళ్ళు ఎత్తే కాలంలో పుస్తకం కవి దగ్గర ఉండేది కాదు. ఎవరో చదువుతారు, ఎవరో వింటారు. చదివేవాడు "నేను" అంటే ఏ నేను? ఇక మనుచరిత్ర అవతారికలో పెద్దన ఇంకో పద్ధతి పట్టాడు. తన గొప్పలన్నీ కృష్ణదేవరాయలే ఎదురుగా కూర్చుని "నువ్వు ఇలాంటివాడివి" అని చెప్పినట్టు రాశాడు. నేనూ కాదు, వారూ కాదు, నువ్వు. రాసింది పెద్దనే అయినా చెప్పిన నోరు రాజుది.

కొలువును బట్టి ఎంచుకోవడం అన్నదానికి నాకు దొరికిన సూత్రం ఇదే. ఆ మాటలు చివరికి ఎవరి నోట పలుకుతాయి?

సంగీత విద్వాంసులదీ నాట్య కళాకారులదీ సభలో వ్యాఖ్యాత చదువుతారు. గురువు పేరు, ఎన్నేళ్ళ శిక్షణ, ఎక్కడెక్కడ కచేరీలు, మొత్తం ఒక నిమిషంలో అయిపోవాలి. అక్కడ "నేను" పెడితే వ్యాఖ్యాత మైకు ముందు క్రియలన్నీ మార్చుకుంటూ తడబడాలి. ఒకచోట మర్చిపోయి "నేర్చుకున్నాను" అనేస్తారు కూడా. కాబట్టి బయటి గొంతే. ప్రొఫెసర్లకీ, పుస్తకాలు వేసిన రచయితలకీ ఇదే వర్తిస్తుంది, వాళ్ళ పరిచయం వాళ్ళు లేని చోట తిరుగుతుంది. కార్పొరేట్ ఆస్పత్రిలో డాక్టరుగారి పేజీలో మాట్లాడేది ఆస్పత్రి, కాబట్టి అక్కడ "వారు" నిజమే. లాయర్ల సంగతి వేరు. మన దేశంలో వాళ్ళు ప్రకటన ఇచ్చుకోకూడదు. బార్ కౌన్సిల్ 36వ నియమాన్ని 2008లో సవరించి వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రకం కేసులు చేస్తారు అన్నవరకు ఒప్పుకుంది. ఆ పట్టికలో నేనుకీ వారుకీ, అసలు క్రియకే చోటు లేదు.

లింక్డ్‌ఇన్‌లో అబౌట్ దగ్గర 2600 అక్షరాలు ఇస్తారు, తెరవకుండా కనిపించేది మొదటి కొన్ని లైన్లే. పైన నా ఫొటో, పక్కన నాకు మెసేజ్ పెట్టే బటన్. ఆ పేజీలో మాట్లాడుతున్నది నేనేనని అందరికీ తెలుసు. అక్కడ బయటి గొంతు పెడితే, ఇంటికొచ్చిన అతిథికి తలుపు తీసి "సార్ లోపల ఉన్నారు" అని మనమే చెప్పినట్టుంటుంది.

ఒక మిత్రుడి సంగతి చెప్తాను. 12 ఏళ్ళు ఉద్యోగం చేసి మానేశాడు. చిన్న ఆస్పత్రులు, సూపర్ మార్కెట్లలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తే బాగుచేసే పని సొంతంగా పెట్టుకున్నాడు. తన పేజీలో ఇలా రాసుకున్నాడు: "ప్రముఖ డేటాబేస్ నిపుణులు. 12 ఏళ్ళ అనుభవంతో ఎన్నో సంస్థలకు సేవలందించారు. క్లిష్టమైన సమస్యలను పరిష్కరించడంలో దిట్ట."

ఇద్దరం కూర్చుని ఒక్కో వాక్యాన్నీ "నేను"లోకి మార్చి పైకి చదివాం. "నేను ప్రముఖ నిపుణుణ్ణి." నవ్వొచ్చింది, కొట్టేశాం. ప్రముఖ, దిట్ట, విశేష కృషి లాంటి మాటలకి బయట సాక్షి ఉండాలి. బయటి గొంతులో రాస్తే ఆ సాక్షి ఉన్నట్టు భ్రమ పుడుతుంది, అంతే. రెండో వాక్యం మార్చగానే "ఎన్నో అంటే ఏవి?" అన్న ప్రశ్న వచ్చింది. దాంతో రెండు ఆస్పత్రులు, ఒక సూపర్ మార్కెట్ అని ఉన్నదే రాశాడు. మూడోదాని చోట పని వచ్చి కూర్చుంది: "బిల్లు తెరుచుకోడానికి నిమిషం పడుతుంటే, ఏ క్వెరీ దగ్గర ఆగుతోందో చూస్తాను. చాలాసార్లు కారణం ఒక ఇండెక్స్ లేకపోవడమే. ఈ పని నేనే చేస్తాను, ఇంకొకరికి అప్పగించను."

"ఇలా రాస్తే మరీ చిన్నవాడిలా కనపడనూ?" అని అడిగాడు. ఆ భయం నిజమైనదే. "అందించారు" అంటే వెనకాల ఒక ఆఫీసు, పదిమంది మనుషులు ఉన్నట్టు ధ్వనిస్తుంది. కానీ ఫోన్ చేస్తే ఎత్తేది తనే, వెళ్ళేదీ తనే. ఒంటరిగా పని చేసేవాళ్ళని జనం పిలిచేది కూడా ఆ ఒక్క మనిషినే నమ్మి. అక్కడ "చేస్తాను" అన్నది మాట ఇవ్వడం. "చేస్తారు" అన్నది ఎవరి మాటా కాదు.

ఆమధ్య ఒక కాలేజీవాళ్ళు వాడిని మాట్లాడ్డానికి పిలిచి పరిచయం అడిగారు. అదే పేరాని "రు"లోకి తిప్పి పంపాడు, "ఏ క్వెరీ దగ్గర ఆగుతోందో చూస్తారు" అని. "ప్రముఖ" మళ్ళీ చేరలేదు. "నేను"లో ఒకసారి నిలబడ్డ వాక్యం ఎవరి నోట్లోనైనా నిలబడుతుంది. అందుకే ముందు "నేను"లో రాసి, అవసరమైతే తర్వాత మార్చుకోవడం మేలు. రెండూ దగ్గర పెట్టుకుని, ఒకే పేరాలో మాత్రం కలపకూడదు. "ఈయన 12 ఏళ్ళుగా... నన్ను ఈ నంబరులో సంప్రదించండి" అన్న పేజీలు కనపడుతూనే ఉంటాయి. మొదటి సగం ఎవరు రాశారో రెండో సగం బయటపెట్టేస్తుంది.

ఇక ఈ వ్యాసం కింద డబ్బాలోకి నేను పంపింది: "ఉద్యోగం సాఫ్ట్‌వేర్. చదివిన పుస్తకాల గురించి అప్పుడప్పుడు రాయడం అలవాటు." పూచీ పడాల్సిన మాట అందులో ఏదీ లేదు కాబట్టి, మనిషి లేకపోయినా సరిపోయింది.