తలుపు అవతల నిద్ర

జహీరాబాద్‌లో మా అత్తగారిల్లు హైవేకి దగ్గర. అర్ధరాత్రి దాటినా బొంబాయి వైపు పోయే లారీల చప్పుడు వంటింట్లోకి వినిపిస్తూనే ఉంటుంది. ఆ చప్పుడు వింటూ, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చిన్న స్టీలు డబ్బా పెట్టుకుని నేను నెల రోజులకు పైగా రాత్రుళ్లు నిలబడ్డాను. డబ్బాలో నా భార్య పాలు. మూసిన తలుపు అవతల నా భార్య నిద్ర.

పురుడు పుట్టింట్లోనే కాబట్టి మొదటి నెలంతా నేను హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి రావడం, ఆదివారం రాత్రి వెళ్లడం. వచ్చినప్పుడల్లా పాప కొంచెం పెద్దదయ్యేది, తను కొంచెం చిక్కిపోయేది. పాప రెండు గంటలకోసారి పాలకు లేస్తుంది. పట్టడానికి అరగంట, తేపు రావడానికి పది నిమిషాలు, మళ్లీ పడుకోబెట్టడానికి ఇంకో ఇరవై. అంటే తనకు ఒక్కసారికి దొరికే నిద్ర గంటే. రోజంతా ఆ గంటలన్నీ కూడితే ఆరేడు అవుతాయి. కానీ ముక్కలు చేసిన నిద్రను కూడితే పూర్తి నిద్ర అవదని ఆమె ముఖం చూస్తే తెలిసేది.

ఐదో వారంలో ఒక రాత్రి ఫోన్ చేసింది. "పాపను చూస్తే నాకేం అనిపిస్తలేదు. ఎత్తుకుంటున్న, పాలిస్తున్న, అంతే. నాకు పిచ్చి లేస్తుందేమో" అంది. మర్నాడు బయల్దేరి వచ్చి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చాలా ప్రశ్నలు అడిగి, రెండు వారాల్లో మళ్లీ రమ్మని, "ముందు ఈమెకు ఒకేసారి ఐదు గంటల నిద్ర కావాలి. అది ఎవరిస్తారు?" అంది. అడిగింది నన్ను చూసి. ఆఫీసులో బతిమాలి ఇంటి నుంచి పనిచేసే అనుమతి తెచ్చుకున్నాను.

పాలు పిండి దాచే పద్ధతి అక్కడి నర్సమ్మే నేర్పింది. తల్లిపాలు కుదురుకోవడానికి మొదటి మూడు నాలుగు వారాలు వదిలేయాలట, మాకు ఆ గడువు దాటింది. తెల్లవారుజామున పాలు ఎక్కువగా ఉంటాయి. ఆరింటి పాలు పాప తాగాక మిగిలినవి చేతి పంపుతో తీస్తే నలభై మిల్లీలీటర్లు వచ్చేవి. సాయంత్రం ఇంకో నలభై, యాభై. పది నిమిషాలు మరిగించి ఆరబెట్టిన డబ్బాల్లో పోసి, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపల వెనక భాగాన పెట్టాలి. బయట అయితే నాలుగు గంటలకు మించి ఉంచొద్దని చెప్పింది. మార్చి ఎండలకు మేం ఆ నాలుగు గంటల్ని కూడా నమ్మలేదు.

అత్తమ్మకు ఇది నచ్చలేదు. "పిండిన పాలు పారబోస్తరు గానీ దాపెడ్తరా బిడ్డా? దిష్టి తగుల్తది" అంది. సీసాతో పడితే పాప రొమ్ము మరిచిపోతుందనీ భయపడింది. నర్సమ్మ కూడా సీసా వద్దనే అంది, గిన్నెతో పట్టమంది. ఆ మాట వినగానే అత్తమ్మ లోపలికి పోయి, పాత పెట్టె తెరిచి, వెండి ఉగ్గుగిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. మా ఆవిడ చిన్నప్పుడు ఆముదం తాగిన గిన్నె. "ఇదైతే పట్టు" అంది. పిండిన పాల మీద ఆమె అభిప్రాయం మారలేదు. గిన్నె మాత్రం తనదే.

మా లెక్క ఇది. తొమ్మిదింటికి రెండు వైపులా పాలిచ్చి తను వెనకగదిలో పడుకుంటుంది. పన్నెండున్నర ప్రాంతంలో పాప లేస్తే నేను పడతాను. మూడింటికి లేస్తే తను ఇస్తుంది, నేను ఎనిమిది దాకా పడుకుంటాను.

మొదటి రాత్రి అన్నీ తప్పే. పాప ఏడ్చాక ఫ్రిజ్ తెరిచాను. త్వరగా వేడెక్కాలని నీళ్లు బాగా కాచాను. పాలు చేతిమీద వేసుకుంటే చురుక్కుమంది. చల్లార్చేలోపు పాప గొంతు వీధి దాకా పోయింది, తలుపు తెరుచుకుంది, తను వచ్చేసింది. ఏడుపు ఆకలికి ఆఖరి గుర్తు అని నాకప్పుడు తెలియదు. అంతకుముందే పాప తల అటూ ఇటూ తిప్పుతుంది, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది, నాలుక చప్పరిస్తుంది. రెండో రాత్రి నుంచి ఆ చప్పరింపు వినగానే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పెట్టేవాణ్ణి. మీగడ పైకి తేలి ఉంటుంది, కుదపకుండా మెల్లగా గుండ్రంగా తిప్పితే కలుస్తుంది.

ఉగ్గుగిన్నెతో పట్టడం పోయడం కాదు. పాపను ఒళ్లో దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె మూతి కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకేదాకా వంచి ఆగాలి. తనే నాలుకతో లాక్కుంటుంది. తొందరపడి పోస్తే పొలమారుతుంది. గుటకకూ గుటకకూ మధ్య ఆగితే ఎనభై మిల్లీలీటర్లకు అరగంట పడుతుంది. అందులో కొంత గుడ్డ పాలు. ఒకసారి మొత్తం గిన్నెలో పోసేస్తే పాప సగంలో నిద్రపోయింది. ఎంగిలైన పాలు రెండు గంటలు దాటితే వాడకూడదు. ఆమె సాయంత్రం మెడ వంచుకుని అంతసేపు తీసిన పాలు సింకులో పోస్తుంటే చెయ్యి రాలేదు. ఆ తర్వాత ముప్పై ముప్పైగానే వేడిచేశాను.

మేం లెక్కలో వేసుకోనిది ఒకటి ఉంది. పాపను నేను చూసుకుంటే ఆమె పడుకుంటుందనుకున్నాం, ఆమె ఒళ్లు పడుకోలేదు. మూడో రాత్రి ఒంటిగంటన్నరకే రవిక తడిసిపోయి, రొమ్ములు రాళ్లలా గట్టిపడి, నొప్పితో లేచింది. పాప ఇక్కడ కడుపు నిండి పడుకుంది, పాలు మాత్రం అక్కడ ఎప్పటి టైముకు అప్పుడే వచ్చాయి. నర్సమ్మ రెండు మాటలు చెప్పింది. బరువు తగ్గేంత మటుకే పిండుకోవాలి, పూర్తిగా ఖాళీ చేస్తే ఒళ్లు ఆ టైముకు ఇంకా ఎక్కువ చేస్తుంది. ఐదు గంటలు దాటించొద్దు, అలా ఆపుకుంటూ పోతే పాలు గడ్డకట్టి జ్వరమైనా వస్తుంది, మెల్లగా పాలైనా తగ్గుతాయి. గట్టిపడిన చోట ఎర్రబడి చలిజ్వరం వస్తే ఆగకుండా రమ్మంది. మాకు అంతదూరం రాలేదు. పది రోజులకు ఆమె ఒళ్లు కొత్త టైముకు అలవాటుపడింది.

నేను నిద్ర ఇచ్చానని చెప్పుకోవడానికి అందుకే నోరు రాదు. ఆ పాలు తీసింది తనే, నొప్పి పడింది తనే. నాకు వచ్చిన పని పాప ఏడ్చినప్పుడు ఆ తలుపు కొట్టకుండా ఉండటం. ఆకలేనా, కడుపునొప్పా, తల్లి కావాలంటుందా అని చేతులు వణికేవి. మా ఆవిడకు ఆ వణుకు నెలన్నరగా ఒంటరిగా ఉంది.

రెండో వారం చివర్లో ఒక ఉదయం లేచేసరికి తను పాపను ఒళ్లో వేసుకుని ముక్కుతో పొట్టమీద రుద్దుతోంది. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఈసారి ప్రశ్నలు తక్కువ.

అత్తమ్మ ఒక రాత్రి మంచినీళ్లకు లేచి, నేను ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చోవడం చూసి, ఎదురుగా కింద కూర్చుంది. చాలాసేపు పాప గుటకలే చూసింది. "మీ మామ అరుగు మీద పండేటోడు. పొద్దున లేచి, రాత్రి పిల్ల ఏడ్వలే, మంచిగ పండింది అనేటోడు" అంది. నవ్వుతూనే అంది.

తర్వాత గిన్నె నా చేతిలోంచి తీసుకుని కడగడానికి పోయింది. నల్లా నీళ్లు చప్పుడు కాకుండా సన్నగా తిప్పింది.