అమెరికా బ్యాంకు డిపాజిట్ స్లిప్ నింపడం

అమెరికాలో బ్యాంకు ఖాతా తెరిచినవారికి చెక్కు పుస్తకం చివరి పేజీల్లో కొన్ని డిపాజిట్ స్లిప్పులు వస్తాయి. వాటి మీద పేరు, ఖాతా నంబరు ముందే అచ్చై ఉంటాయి. బ్యాంకు కౌంటర్ దగ్గర దొరికే ఖాళీ స్లిప్ వాడితే ఆ రెండూ చేత్తో రాయాలి. స్లిప్పుల నమూనా బ్యాంకును బట్టి కొంచెం మారినా గడులు దాదాపు ఇవే.

మొదటిది 'డేట్'. ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. జనవరి 5ను 05/01 అని మనవైపు అలవాటు కొద్దీ రాస్తే అది మే 1 అవుతుంది.

కుడివైపు డబ్బు వరుసలు. 'క్యాష్' అన్నచోట వేసే నోట్లు, చిల్లర మొత్తం రాయాలి. కొన్ని స్లిప్పుల్లో ఈ రెంటికీ వేరు గడులుంటాయి. 'చెక్స్' కింద ఒక్కో చెక్కుకు ఒక్కో వరుస. డాలర్లు వెడల్పు గడిలో, సెంట్లు పక్కనున్న సన్నటి గడిలో. చెక్కులు ఎక్కువైతే స్లిప్ వెనక రాసి, వెనకవైపు మొత్తాన్ని ముందుకు తేవాలి.

కొత్తవారు ఎక్కువగా తడబడేది ఆ తర్వాతి మూడు గడుల దగ్గరే. ఒకరి దగ్గర 845.50, 60.25 డాలర్ల చెక్కులు రెండున్నాయనుకుందాం. అందులో 100 డాలర్లు చేతికి కావాలి. నగదు ఏమీ వేయడం లేదు కనుక 'క్యాష్' ఖాళీ. 'సబ్‌టోటల్' 905.75. 'లెస్ క్యాష్ రిసీవ్డ్' అంటే చేతికి తీసుకునే సొమ్ము, అక్కడ 100.00. 'నెట్ డిపాజిట్' 805.75, ఖాతాలో పడేది ఇదే. చేతికి డబ్బు తీసుకుంటేనే స్లిప్ మీద సంతకం, అదీ టెల్లర్ ఎదుట. ఏమీ తీసుకోకపోతే 'లెస్ క్యాష్' గడినీ, సంతకం గీతనూ వదిలేయవచ్చు.

స్లిప్ ఎంత చక్కగా నింపినా చెక్కు వెనక సంతకం లేకపోతే పని ఆగవచ్చు. వెనకవైపు పైభాగంలో, అచ్చైన గీత దాటకుండా సంతకం చేసి, 'ఫర్ డిపాజిట్ ఓన్లీ' అనీ ఖాతా నంబరూ రాస్తే చెక్కు పోయినా ఇంకొకరు నగదుగా మార్చుకోవడం కష్టం. నగదు చేతికి కావాలంటే మాత్రం ఆ మాట రాయకూడదు. మన బ్యాంకుల్లోలా ముద్ర వేసి చించి ఇచ్చే కౌంటర్‌ఫాయిల్ సాధారణంగా ఉండదు. టెల్లర్ ఇచ్చే రసీదు దాచుకోవాలి.

స్లిప్ అడుగున అయస్కాంత సిరాతో అచ్చైన అంకెల్లో తొమ్మిది అంకెలది రౌటింగ్ నంబరు. జీతం నేరుగా ఖాతాలో పడడానికి ఆఫీసులో ఇచ్చే ఫారంలో దాన్ని ఎక్కించకూడదు. కొన్ని బ్యాంకుల స్లిప్పుల మీద ఉండేది లోపలి వాడకానికి పెట్టిన వేరే నంబరు. అందుకు చెక్కు మీది నంబరు చూడాలి, లేదా బ్యాంకునే అడగాలి. సందేహం తీర్చుకోవడానికి స్లిప్ ఫొటో ఎవరికైనా పంపేవారు పేరు, ఖాతా నంబరు, అడుగున ఉన్న ఆ అంకెల వరుస ముందుగా కప్పేయాలి.