నీకేం వచ్చో నువ్వే రాయి

మన ఇళ్ళల్లో ఆడపిల్ల గురించి మొదటిసారి కాగితం మీద రాసేది పెళ్ళి బయోడేటాలోనే కదండీ. అది కూడా పిల్ల రాసుకోదు. ఎత్తు ఎంత, రంగు ఏమిటి, అణకువ గల పిల్ల అని ఏ మేనత్తో, బాబాయో రాసేస్తారు. తన గురించి తనే చెప్పుకుంటే డబ్బా కొట్టుకుంటోందని మనమే నవ్వుతాం. అలా పెరిగిన పిల్ల ఉద్యోగానికి మెయిల్ పెట్టాలంటే ఎంత నలిగిపోతుందో మొన్న మా ఇంట్లో చూశాను.

మా అమ్మాయి 2023లో బీకాం పూర్తి చేసింది. ఆ నెలలోనే మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఏడాదిపాటు నేనూ పిల్లా వంతులేసుకుని ఆవిడ్ని చూసుకున్నాం. తరవాత మావారి స్నేహితుడు ఒక మాట చెబితే, మా ఊళ్ళోనే ఒక ఆడిటరు గారి ఆఫీసులో చేరింది. కాబట్టి ఎవరికైనా "నన్ను తీసుకోండి" అని రాయాల్సిన అవసరం దానికి ఇంతవరకూ రాలేదు. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక విడిభాగాల కంపెనీకి అకౌంట్స్ అసిస్టెంటు కావాలని ప్రకటన వచ్చింది. మర్నాటితో గడువు అయిపోతుంది.

నేను పెరుగు తోడుపెట్టి, వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి పదకొండు దాటింది. లాప్‌టాప్‌లో రెండే లైన్లున్నాయి. గంటన్నర నుంచి అవే రెండు లైన్లు రాస్తోందట, చెరుపుతోందట.

"చదువు, విందాం," అన్నాను. ఇంగ్లీషులో రాసింది గానీ అర్థం ఇదీ: "నాకు ఒక్క అవకాశం ఇవ్వవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను. నేను కష్టపడి పనిచేసే, నిజాయితీ గల, త్వరగా నేర్చుకునే అమ్మాయిని."

"బాగానే ఉందిగా?" అన్నాను.

"ప్రార్థించడం ఏమిటమ్మా, గుడికెళ్ళినట్టు! అది తీసేస్తే పొగరుగా ఉంటుందేమోనని భయం. ఇక కష్టపడతాను అని ఎవరైనా రాస్తారు. నేను నిజంగా కష్టపడతానా అని అప్పుడే అనుమానం వస్తోంది."

నాకు అకౌంట్లు తెలియవు. తెలియదు కాబట్టే ఒక మాట అడిగాను. "ఆ ఆడిటరు గారి దగ్గర పొద్దున్నే వెళ్ళి అసలేం చేస్తావే? నాకు అర్థమయ్యేలా చెప్పు."

చెప్పింది. షాపువాళ్ళు సరుకు కొన్నప్పుడు బిల్లులో జీఎస్టీ కడతారు. ఆ కట్టినదాన్ని, తర్వాత తాము ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. కానీ సరుకు అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్నులో చూపించాలి. చూపిస్తేనే అది ప్రతి నెలా 14వ తేదీన కొన్నవాళ్ళకి వచ్చే జీఎస్టీఆర్-2బి అనే పట్టికలో కనిపిస్తుంది. అందులో కనిపించని బిల్లుకి తగ్గింపు రాదు. టాలీలో తను ఎక్కించిన కొనుగోలు బిల్లుల్ని ఆ పట్టికతో సరిచూడటం మా అమ్మాయి పని. రెండు జాబితాలూ ఎక్సెల్‌లో పెట్టి VLOOKUP వేస్తే, ఏ బిల్లు తప్పిపోయిందో తెలుస్తుందట.

"ఎప్పుడైనా తప్పిపోయిందా?"

"ఒక హార్డ్‌వేర్ షాపుది లక్ష రూపాయల బిల్లు కనబడలేదు. దాని మీద పన్ను పద్దెనిమిది వేలు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే మా జీఎస్టీ నంబరు తప్పు కొట్టారని తేలింది. వాళ్ళ వెనకాల పడి సరిచేయించాను. తరవాతి నెల వచ్చింది."

"ఇది రాయవే మరి!"

"ఇదేం గొప్పమ్మా, రోజూ చేసేదేగా," అంది.

నాకు తట్టిందేమిటంటే, దానికి వస్తున్న అనుమానాలు ఒక రకం కాదు, రెండు రకాలు. ఒకటి, "ఈ మాట నిజమేనా?" అనేది. ఇంకోటి, "ఇది చెప్పుకోవడానికి నేనెవర్ని?" అనేది. మొదటిది మంచి అనుమానం. దాన్ని వినాలి. రెండోది వాక్యాలు ఎన్నిసార్లు మార్చినా పోదు, ఎందుకంటే తప్పు వాక్యంలో లేదు.

అలా విడదీశాక పని సులువైంది. "ఎక్సెల్‌లో నిపుణురాలిని" అన్న వాక్యం అడ్డంగా నిలబడింది. నిజమా అని అడిగితే కాదంది, పెద్ద రిపోర్టులు తయారుచేయడం రాదట. కొట్టేసింది. దాని బదులు, నెలకి దాదాపు మూడు వందల కొనుగోలు బిల్లులు టాలీలో ఎక్కించి, ఎక్సెల్‌లో 2బి తో సరిచూస్తానని రాసింది. హార్డ్‌వేర్ షాపు సంగతి పేరు చెప్పకుండా రెండు వాక్యాల్లో పెట్టింది. 'కష్టపడతాను', 'నిజాయితీ' తీసేసింది. చేసిన పని చెప్పాక వాటి అవసరం కనబడలేదు. ప్రార్థన ఉన్న చోట, ఫలానా ఉద్యోగానికి, ఫలానా ప్రకటన చూసి దరఖాస్తు చేస్తున్నానని సూటిగా ఒక వాక్యం వచ్చింది. పొగరూ లేదు, వేడుకోలూ లేదు.

అన్నిటికంటే కష్టమైంది ఆ ఏడాది ఖాళీ. రాయకపోతే వాళ్ళే అడుగుతారు. రాస్తే ఇంటి పనుల పిల్ల అనుకుంటారేమోనని దాని బెంగ. మొదట ఆరు లైన్లు రాసింది, తుంటి ఎముక, ఆపరేషను, మందులు అన్నీ. చదివితే సంజాయిషీలా ఉంది. కడకు ఒక్క వాక్యం మిగిలింది: "2023లో డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు మా నాయనమ్మ సంరక్షణ చూసుకున్నాను, 2024 జూన్ నుంచి ఆడిటరు కార్యాలయంలో పనిచేస్తున్నాను." అది చదివి నేను కాసేపు మాట్లాడలేదు. పక్క గదిలో నిద్రపోతున్న ఆవిడకి తెలియదు, తన పేరు కూడా ఆ మెయిల్లో ఉందని.

చివర్లో ఎప్పటినుంచి చేరగలదో, ఫోన్ నంబరు ఏమిటో రాసింది. మొత్తం పది లైన్లు. రెజ్యూమే ఫైలు పేరు "ఫైనల్ న్యూ 3" అని ఉంటే, తన పేరూ ఉద్యోగం పేరూ పెట్టి పీడీఎఫ్ చేసింది. జతచేసి, తెరిచి చూసుకుని, అప్పుడు కంపెనీ మెయిల్ అడ్రసు కొట్టింది. అడ్రసు ఆఖర్న పెడితే, పొరపాటున బటన్ తగిలినా సగం రాసిన మెయిల్ వెళ్ళదని దాని జాగ్రత్త. ఒంటిగంటకి పంపితే బాగుండదని, పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేలా జీమెయిల్లోనే టైము పెట్టి పడుకుంది.

తెల్లారాక మళ్ళీ తెరిచి ఏదో మారుస్తుందేమో అనుకున్నాను. తెరిచింది, ఒకసారి చదివింది, మూసేసింది. తొమ్మిదింటికి అది వెళ్ళిపోయింది.

జవాబు ఇంకా రాలేదండీ. నిన్న రాత్రి ఇంకో కంపెనీకి రాస్తూ కనబడింది. ఈసారి పావుగంటలో అయిపోయింది. "పాత కంపెనీ పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో చూడమ్మా," అని లాప్‌టాప్ నా వైపు తిప్పింది. నేను కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. ఎక్కడా లేదు.