లవం చూశాను, హారం మరిచాను

2023 అక్టోబర్ నెలాఖర్లో నేను చేసిన ఒక తెలివైన పని గురించి చెప్తాను. ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచుకున్నదాంట్లో కొంత బిట్‌కాయిన్‌లో పెట్టాను. అప్పటికి దాని విలువ రెండు లక్షల రూపాయలు. చార్టు మీద స్టొకాస్టిక్ "అమ్మెయ్" అంది. అమ్మేశాను. ఆ పైన ఏమైందో చివర్లో చెప్తాను గానీ, ముందు ఈ స్టొకాస్టిక్ కథేంటో చూద్దాం.

ఫార్ములా చిన్నదే:

```
%K = 100 * (C - L14) / (H14 - L14)
%D = %K మూడు రోజుల సగటు
```

C అంటే ఇవాళ్టి ముగింపు ధర. H14, L14 గత పద్నాలుగు రోజుల్లో గరిష్ఠం, కనిష్ఠం. అంటే ఆ పద్నాలుగు రోజుల గదిలో ధర నేల దగ్గరుందా, కప్పు దగ్గరుందా అని చెప్తుందన్నమాట. 80 దాటితే కప్పు, 20 లోపైతే నేల. %K గీత %D గీతని పైనుంచి కిందకి కోస్తే అమ్మమని, కిందనుంచి పైకి కోస్తే కొనమని అర్థం చెప్పుకుంటారు.

ఆ ఏడాది జూలై మొదటి మూడు వారాలూ బిట్‌కాయిన్ దాదాపు 29,500, 31,500 డాలర్ల మధ్యే తచ్చాడింది. గది ఎత్తు రెండు వేల డాలర్లు. ధర 31,200 అయితే రీడింగ్ 85, 29,800 అయితే 15. కప్పూ నేలా కదలట్లేదు కాబట్టి కప్పుకి తగిలింది కిందకే వస్తుంది. నేను 30 వేల దగ్గర కొని 31 వేలు దాటాక అమ్మి, "ఇంత సులువా!" అనుకున్నాను. అక్కడే చెడింది.

అక్టోబర్‌లో కథ మారింది. నెల మధ్యలో 27 వేల దగ్గరున్న ధర 24వ తేదీకల్లా 35 వేలు తాకింది. 25, 26, 27 తేదీల్లో ముగింపులు సుమారుగా 34,500, 34,150, 33,900. రీడింగులు 92, 88, 85. మూడిటి సగటు 88. ఇవాళ్టి 85 దానికంటే తక్కువ, పైగా 80కి పైన. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే క్రాసోవర్!

తర్వాత మా టీమ్‌లో సీనియర్ ఒకాయనకి ఈ చార్టు చూపిస్తే, "లవం చూశావు సరే, హారం చూశావా?" అన్నారు. చూళ్ళేదు. జూలైలో గది ఎత్తు రెండు వేలు కాబట్టి 600 డాలర్లు తగ్గితే రీడింగ్ 30 పాయింట్లు పడుతుంది. అక్టోబర్‌లో గది 26,600 నుంచి 35,200 దాకా, అంటే 8,600 ఎత్తు. అదే 600 తగ్గితే ఏడు పాయింట్లే. ఏడు పాయింట్లకే గీతలు కోసుకున్నాయి, ఎందుకంటే %K తన మూడు రోజుల సగటుతోనే పోల్చుకుంటుంది, గదితో కాదు. నిజానికి ధర తగ్గింది రెండు శాతం లోపే. ట్రెండ్‌లో 80 పైన రీడింగ్ అంటే "అలసిపోయింది" అని కాదు, "ఇంకా కప్పు దగ్గరే ఉంది" అని. పైగా ఆ కప్పే రోజూ పైకి పోతోంది.

అందుకని ఇప్పుడు గీతలకంటే ముందు H14, L14 చూస్తాను. రెండూ రెండు వారాలుగా దాదాపు అక్కడే ఉంటే సైడ్‌వేస్. అప్పుడు 80 పైన, 20 కింద పడ్డ క్రాసోవర్లనే పట్టించుకుంటాను, మధ్యలోవి వదిలేస్తాను. H14 మాటిమాటికీ పెరుగుతుంటే పైన వచ్చే అమ్మకం సిగ్నల్‌ని లెక్కచెయ్యను. రీడింగ్ బాగా దిగి మళ్ళీ పైకి కోసినప్పుడు కొనడానికి మాత్రం వాడతాను.

ఇంకో సంగతి. రోజు క్యాండిల్ మూసుకునేది మనకి తెల్లవారుజామున 5:30కి. రాత్రి పదకొండింటికి కనబడ్డ క్రాసోవర్ పొద్దున్నకి మాయమవ్వచ్చు. కాబట్టి పొద్దున్నే చూడాలి.

ఇదంతా చేసినా గది కూలదని హామీ లేదు. అదే ఏడాది ఆగస్టు 17న ధర ఒక్కసారిగా 28 వేల పైనుంచి 26 వేల వైపు జారింది. నేల దగ్గరుందని కొన్నవాళ్ళ కింద నేలే పోయింది. గదికి కాస్త బయట స్టాప్‌లాస్ పెట్టుకోనివాడికి స్టొకాస్టిక్ ఏ సాయమూ చెయ్యదు. పైగా మన దగ్గర లాభం మీద 30 శాతం పన్ను కట్టాలి, ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. తప్పు క్రాసోవర్ ఖరీదు చార్టులో కనబడేదానికంటే ఎక్కువే.

ఇంతకీ నా రెండు లక్షల సంగతి. నేను 33,900కి అమ్మాను. డిసెంబర్ మొదటి వారంలో ధర 44 వేలు. ఉంచుకుని ఉంటే ఇంకో 60 వేలు దాకా వచ్చేవి. ఆ నెలన్నరలో స్టొకాస్టిక్ ఎన్నిసార్లు "అమ్మెయ్" అందో లెక్కపెట్టలేదు. అమ్మడానికి నా దగ్గరేం మిగిలిందని!