వాపసు అంటే ఏది వెనక్కి?

‘వాపసు’ అనే మాట మన ఇళ్లలో రోజూ వినిపిస్తుంది. పక్కింటి నుంచి తెచ్చిన గిన్నె వాపసు ఇచ్చేయమంటారు. కొట్టువాడు పది రూపాయలు వాపసు ఇచ్చాడా అని అడుగుతారు. మొదటి మాటలో వెనక్కి వెళ్లేది వస్తువు, రెండో మాటలో డబ్బు. ఇంట్లో చెప్పుకునేటప్పుడు చేతిలో గిన్నె ఉందో, నోటు ఉందో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చిక్కు రాదు. వస్తువు ఒక ఊళ్లో, డబ్బు ఇంకో ఊళ్లో, మనిషి మరో ఊళ్లో ఉన్నప్పుడే ఈ మాట తగాదా తెచ్చిపెడుతుంది.

మా క్వార్టర్స్‌లో మంగళగిరి నూలు చీరలు, చున్నీలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకావిడ ఉన్నారు. ఆవిడ మా తెలుగు తరగతిలో చదివే ఒక అమ్మాయి తల్లి. ఇంటాయనకు బదిలీ అయిన ప్రతిసారీ కొట్టు మూసి మళ్లీ తెరవడం కుదరదని ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టారు. ఊరు మారినా కొట్టు మారదు. కొనేవాళ్లు మాత్రం ఒక ఊరివాళ్లు కారు, ఒక భాషవాళ్లూ కారు. అందుకని చీర తిప్పి పంపే పద్ధతి గురించి మూడు భాషల్లో ఒక్కొక్క వాక్యం పెట్టుకున్నారు. తెలుగులో ‘7 రోజుల్లో వాపసు’, హిందీలో ‘సాత్ దిన్ మే వాపసీ’, ఇంగ్లీషులో ‘సెవెన్ డేస్ రిటర్న్’.

చూడటానికి మూడూ ఒకటే. అయితే హిందీ వాక్యం చదివిన నాగపూర్ కొనుగోలుదారు ఒకరు చీర అందిన అయిదో రోజున తిప్పి పంపి, ఏడో రోజున డబ్బు ఏదని అడిగారు. అప్పటికి పార్శిల్ ఇంకా దారిలోనే ఉంది. వాపసీ అంటే ఏడు రోజుల్లో డబ్బు చేతికొస్తుందని ఆయన అర్థం చేసుకున్నారు. చీర పంపడానికి గడువు ఏడు రోజులని ఆవిడ ఉద్దేశం. 1,450 రూపాయల చీర మీద నాలుగు రోజులు మాటామాటా నడిచింది. వాక్యం ఒప్పుకునే అర్థాలే ఇద్దరివీ. ఇంగ్లీషు చదివినవాళ్లతో ఈ గొడవ రాలేదు. వస్తువు వెనక్కి వెళ్లడానికి రిటర్న్, డబ్బు వెనక్కి రావడానికి రిఫండ్ అని ఆ భాషలో రెండు వేరు మాటలు ఉండటమే అందుకు కారణం.

తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులతో ఒక పేజీ కొత్తగా రాసిపెట్టమని ఆవిడ అడిగారు. మేము, అంటే తొమ్మిదో తరగతి తెలుగు పిల్లలు అయిదుగురు, వాళ్ల టీచరు కలిసి ఆ పనికి కూర్చున్నాం.

ముందు అనువాదం జోలికి పోలేదు. ఏ భాషలోనైనా రాయాలంటే మొదట తేలాల్సినవి నిర్ణయాలు. కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి ఆవిడ ముందు పెట్టాం. గడువు ఎప్పటి నుంచి లెక్క? గడువులోగా ఏం జరగాలి: ఆవిడకు కబురు చేరాలా, పార్శిల్ కొరియర్‌కు ఇచ్చేయాలా, లేక పార్శిల్ ఆవిడ ఇంటికి చేరిపోవాలా? తిరుగు కొరియర్ ఖర్చు ఎవరిది? డబ్బు ఎప్పుడు ఇస్తారు? పాత వాక్యంలో ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ఆవిడ ఆలోచించి చెప్పినవి ఇవి. చీర అందిన మరుసటి రోజు ఒకటో రోజు. ఏడో రోజు ముగిసేలోపు పార్శిల్ కొరియర్‌కు ఇవ్వాలి, రసీదు మీద ఉన్న తేదీయే లెక్క. చీర తన దగ్గరకు చేరి, చూసుకున్నాక 5 పనిదినాల్లో డబ్బు పంపుతారు.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఒక గీత గీయాల్సి వచ్చింది. నచ్చక తిప్పి పంపడం వేరు, లోపం ఉండి తిప్పి పంపడం వేరు. నచ్చకపోతే తీసుకోవాలా వద్దా, ఎన్ని రోజుల్లో తీసుకోవాలి అన్నది మన దేశంలో అమ్మేవారు పెట్టుకునే నియమం. లోపం సంగతి అలా కాదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం లోపం ఉన్న సరుకును, చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవారు అనకూడదు. అందువల్ల ‘7 రోజుల తర్వాత ఏ చీరా తీసుకోము’ అని రాయడం సరికాదు. రెండింటికీ రెండు ప్రశ్నలు పెట్టాం. నచ్చక పంపితే తిరుగు ఖర్చు కొన్నవారిది, ఏడు రోజుల గడువు వర్తిస్తుంది. చిరుగు ఉన్నా, వేరే చీర వచ్చినా ఖర్చు అమ్మినవారిది, ఆ జవాబులో ఏడు రోజుల మాటే రాదు.

నిర్ణయాలు తేలాక మాటల పట్టిక వేశాం. ఒక పనికి ఒక భాషలో ఒకటే మాట, పేజీ మొత్తం మీద అదే మాట. తెలుగులో ‘వాపసు’ను పూర్తిగా వదిలేసి ‘చీర తిప్పి పంపడం’, ‘డబ్బు తిరిగి ఇవ్వడం’, ‘వేరే చీరతో మార్పిడి’ అని మూడు పెట్టుకున్నాం. హిందీకి ‘లౌటానా’ సరిపోతుందని ఒకరన్నారు. చీరనూ లౌటాతారు, డబ్బునూ లౌటాతారు కదా అని మరొకరు అడ్డుపడ్డారు. అడ్డుపడ్డ అబ్బాయి మూడేళ్లు భోపాల్‌లో చదివి వచ్చినవాడు. అందుకని ఆ క్రియను ఒంటరిగా వాడకూడదని నియమం పెట్టాం. ఎప్పుడు రాసినా ‘సాడీ లౌటానా’, ‘పైసే లౌటానా’ అని ఏది వెనక్కి వెళ్తుందో ముందు రాయాలి. తెలుగులోనూ అంతే. ‘తిప్పి పంపండి’ అని వదిలేయకుండా ‘చీర తిప్పి పంపండి’ అనాలి.

ఇలాంటి పేజీలో ఒకే మాట పదిసార్లు రావడం తప్పు కాదు. వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట పదేపదే రాయకండి, పర్యాయపదాలు వాడండి అని క్లాసులో చెబుతాం. ఇక్కడ మాత్రం పర్యాయపదం ప్రమాదం. ఒక జవాబులో ‘గడువు’ అని, ఇంకో జవాబులో ‘వ్యవధి’ అని రాస్తే రెండు వేరు లెక్కలు ఉన్నాయేమోనని చదివేవారు అనుకుంటారు.

ఇక వాక్యాలు. ‘ఉతికి లేబుల్ తీసిన చీరలు తీసుకోము’ అని ఒకరు రాశారు. దీని ప్రకారం ఉతికినా లేబుల్ ఉంచితే తీసుకోవాలి. ఆవిడ ఉద్దేశం అది కాదు. రెండింటిలో ఏ ఒక్కటి చేసినా తీసుకోరు. ‘ఉతికినా తీసుకోము, లేబుల్ తీసినా తీసుకోము’ అని రెండుసార్లు చెబితే చిక్కు విడిపోయింది. అలాగే ‘డబ్బు తిరిగి ఇవ్వవచ్చు’ అన్నారు ఒకరు. ‘మీరు చీర తిప్పి పంపవచ్చు’ అంటే అనుమతి. ‘మేము డబ్బు ఇవ్వవచ్చు’ అంటే ఇవ్వకపోనూవచ్చు. కొన్నవారు చేసే పనికి మాత్రమే ‘వచ్చు’ ఉంచి, ఆవిడ చేసే పనికి ‘ఇస్తాం’ అని రాశాం. హిందీలో ‘సక్తే హై’కీ ఇదే కొలత పెట్టాం.

మూడు భాషల్లో రాయడం పూర్తయింది. మూడూ ఒకటే చెబుతున్నాయని తెలిసేదెలా? పక్కపక్కన పెట్టి పోల్చితే రాసినవాళ్లకు అన్నీ సరిగానే కనిపిస్తాయి, ఎందుకంటే వాళ్ల మనసులో ఉద్దేశం ముందే ఉంది. అందుకని ఆ పేజీ ఎప్పుడూ చూడని ముగ్గురు పిల్లలను వేరే సెక్షన్ నుంచి పిలిచి, ఒక్కొక్కరికి ఒక్కో భాష కాగితం ఇచ్చాం. అర్థమైందా అని అడగలేదు. ఆ ప్రశ్నకు అందరూ అయిందనే అంటారు. ఒక లెక్క ఇచ్చాం: చీర జూన్ 3 సాయంత్రం అందింది, నచ్చలేదు, కొరియర్‌కు ఇవ్వడానికి ఆఖరి తేదీ ఏది?

తెలుగు, ఇంగ్లీషు చదివినవాళ్లు జూన్ 10 అన్నారు. హిందీ చదివిన పాప జూన్ 9 అంది. హిందీ వాక్యంలో ‘సాడీ మిల్నే కే సాత్ దిన్ కే అందర్’ అని ఉంది. మరుసటి రోజు అన్న మాట తెలుగులో రాసి, హిందీలో రాయలేదు. అందిన రోజునే ఒకటి అనుకుని పాప లెక్కపెట్టింది. మాట చేర్చడంతో ఆగకుండా, మూడు భాషల్లోనూ ఈ ఉదాహరణనే జవాబు కింద పెట్టేశాం. తెలుగులో అది ఇలా ఉంది:

‘ప్రశ్న: చీర నచ్చకపోతే తిప్పి పంపడానికి ఎన్ని రోజుల గడువు? జవాబు: 7 రోజులు. చీర అందిన మరుసటి రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టండి. ఏడో రోజు ముగిసేలోపు చీరను కొరియర్‌కు ఇవ్వండి. కొరియర్ రసీదు మీద ఉన్న తేదీయే లెక్క. ఉదాహరణకు చీర జూన్ 3న అందితే ఆఖరి తేదీ జూన్ 10.

ప్రశ్న: డబ్బు ఎప్పుడు తిరిగి ఇస్తారు? జవాబు: మీరు తిప్పి పంపిన చీర మాకు చేరిన తర్వాత 5 పనిదినాల్లో డబ్బు తిరిగి ఇస్తాం.’

7 అనే అంకె ఈ ఒక్క జవాబులోనే ఉంటుంది. మిగతా చోట్ల ‘పైన చెప్పిన గడువు’ అని మాత్రమే రాశాం. రేపు ఆవిడ పండగల సమయంలో గడువును 10 రోజులు చేయాలనుకుంటే ఒక్కో భాషలో ఒకేచోట దిద్దితే చాలు. ఉదాహరణలోని తేదీ కూడా అదే జవాబులో ఉంది కాబట్టి అదీ కంటపడుతుంది. ప్రతి భాష పేజీ అడుగున ‘మార్చిన తేదీ’ అని ఒక వరుస పెట్టాం. మూడు పేజీల్లో ఆ తేదీ ఒకటే కాకపోతే ఏదో ఒక భాషలో దిద్దడం మరిచిపోయారన్నమాట.

ఇంత చేసినా ఎక్కడో ఒక మాట తేడాగా ఉండిపోవచ్చు. అప్పుడు ఏ భాష పేజీ చెల్లుతుంది? రాసింది తెలుగులో కాబట్టి తెలుగుదే చెల్లుతుందని ముందు అనుకున్నాం. తెలుగు రాని కొనుగోలుదారు తాను చదవలేని పేజీకి ఎలా కట్టుబడతారని పిల్లల్లో ఒకరు అడిగారు. ఆవిడను అడిగితే, కొన్నవారికి ఏది మేలైతే అది చెల్లుతుందని రాయమన్నారు. ఆ వాక్యం వల్ల పొరపాటు ఖర్చు రాసినవారి మీదే పడుతుంది, కాబట్టి సరిచూసే శ్రద్ధా వాళ్లకే ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు తమిళ పేజీ తయారవుతోంది. తమిళంలో ‘తిరుంబ’ అనే మాట చీర తిరిగి పంపడానికీ వస్తుంది, డబ్బు తిరిగి ఇవ్వడానికీ వస్తుంది. కాబట్టి పట్టికలో నాలుగో వరుస కూడా ‘ఏది’ అన్న మాటతోనే మొదలైంది. రాయడం అయ్యాక పరీక్షకు చెన్నై నుంచి ఈ మధ్యే వచ్చిన ఆరో తరగతి అబ్బాయిని పిలవాలనుకున్నాం. కాగితం ఇచ్చి జూన్ 3 లెక్క అడుగుతాం. 10 అని చెబితే పేజీ పెట్టేయొచ్చు. వేరే తేదీ చెబితే అబ్బాయిని కాదు, వాక్యాన్ని దిద్దుతాం.