నీళ్ళ రాకెట్‌లో నీళ్ళెన్ని?

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాతో రాకెట్ చేసేవాళ్ళు చాలామంది సగానికి పైనే నీళ్ళు నింపేస్తారు. నీళ్ళెక్కువైతే తోపు ఎక్కువని లెక్క! కానీ ఆ నీళ్ళను బయటికి నెట్టేది పైనున్న గాలి. నీళ్ళు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది, మోసే బరువూ పెరుగుతుంది. మరీ తగ్గితే నెట్టడానికి నీళ్ళు చాలక గాలి బలం చాలావరకు వృథా. సైకిల్ పంపు మీటర్ ప్రతిసారీ 60 పి.ఎస్.ఐ. దగ్గరే ఆపి పావు, మూడో వంతు, సగం పోసి చూడండి. సాధారణంగా మూడో వంతు దగ్గరే ఎక్కువ ఎత్తు. ఎత్తు కొలవడమూ తేలికే: 30 మీటర్ల దూరం నుంచి చూసినప్పుడు రాకెట్ చేరిన శిఖరం 45 డిగ్రీల్లో కనిపిస్తే, కంటిమట్టానికి పైన 30 మీటర్లు ఎగిరినట్టే.

మామూలు మంచినీళ్ళ సీసా, గీతలు పడ్డ సీసా వాడకండి, పగులుతుంది. గాలి ఎక్కాక దగ్గరికి వెళ్ళొద్దు. కనీసం పది మీటర్ల తాడుతోనే వదలండి.